చెల్లించవలెను

మా కాలనీ సంఘానికి నేను ఆరేళ్లు సెక్రటరీగా ఉన్నాను. ఎవరూ ఒప్పుకోని పని కాబట్టి నా నెత్తిన పడింది. నేను మాత్రం నా తెలుగు చూసి ఇచ్చారని చెప్పుకొని తిరిగేవాణ్ణి. పగలంతా సర్కారు ఆఫీసులో గుమాస్తాగిరీ, సాయంత్రం ఇంటికొచ్చి సంఘం గుమాస్తాగిరీ. ఒకచోట కుదురుగా కూర్చునే రకాన్ని కాదు, అన్నం తింటూ కూడా కాలు ఊపుతుంటానని మా ఆవిడ ఇప్పటికీ తిడుతుంది. ఆ ఏడు ఎండాకాలంలో మాత్రం ఆ కాలు ఊపడానికి ఒక కారణం దొరికింది.

ఎనభైల తొలి సంవత్సరాలవి. వరంగల్ ఊరి అంచున, చెలకలు ప్లాట్లయిన చోట కట్టుకున్న కాలనీ మాది. వీధిదీపాలు సంఘమే పెట్టించుకోవాలి, వాచ్‌మన్ జీతం సంఘమే ఇవ్వాలి. నీళ్లయితే మరీ ఘోరం. సొంత బావులున్న నాలుగైదు ఇళ్లు తప్ప మిగతా అందరికీ రోడ్డు చివర ఉన్న బోరింగే దిక్కు. దాని చేతిపిడి కొడితే పది దెబ్బలకు ఒక ధార. అలాంటి చోట మున్సిపాలిటీ వాళ్లు పైపులైను వేస్తామన్నారు. ఇంటింటికీ నల్లా కావాలనుకున్న వాళ్ల జాబితా సంఘం పంపాలి, ఆ జాబితాలో ఉన్నవాళ్లకే మొదట కనెక్షన్, మిగతావాళ్లు మళ్లీ ఎప్పుడు మంజూరైతే అప్పుడు.

మా ట్రెజరర్ కాజీపేట రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. పైసా అటూ ఇటూ కానివ్వడు. సగం మంది చందాలు ఎగ్గొడుతున్నారు కాబట్టి, చందా కట్టినవాళ్ల పేర్లే నల్లా జాబితాలో పెడదామన్న ఆలోచన ఆయనదే. కమిటీ అంతా సరేనంది. నోటీసు రాసే పని నాది.

మా వరండాలో కూర్చుని చిత్తు రాస్తుంటే ఆయన పక్కనే కూర్చుని ఒక్కొక్క ముక్కా చెప్పాడు. "జూన్ ముప్పై తారీకు లోపల ముట్టజెప్పాలె అని రాయిన్రి" అన్నాడు.

నేను రాశాను. రాసి, చూసి, కొట్టేశాను. 'ముట్టజెప్పాలె' ఏమిటి, సంతలో మాట్లాడుకున్నట్టు? దానిపైన 'చెల్లించవలెను' అని రాశాను. ఆఫీసులో ఏ కాగితం చూసినా అదే మాట. చూడటానికి హుందాగా ఉంది.

"రెండిటికీ ఫరకేంది?" అన్నాడాయన.

"ఫరకేం లేదు. ఇది నోటీసు భాష" అన్నాను.

ఆయన భుజాలెగరేసి ఊరుకున్నాడు. స్టెన్సిల్ కోయించి సైక్లోస్టైల్ తీయించాం. ఆ నోటీసు నాకిప్పటికీ కంఠతా వచ్చు:

'సంఘ సభ్యులకు తెలియజేయునది. ఈ సంవత్సరపు చందా అరువది రూపాయలు. జూన్ 30వ తేదీలోగా చెల్లించవలెను. గడువు దాటినచో జులై నెలాఖరు వరకు అయిదు రూపాయల జరిమానాతోను, అటుపిమ్మట ప్రతి నెలకు మరి అయిదు రూపాయల చొప్పునను కలిపి స్వీకరించబడును. నగదు కోశాధికారి ఇంటివద్ద సాయంత్రం ఆరు నుండి ఎనిమిది గంటల లోపల ఇచ్చి రసీదు పొందవలెను. చెక్కు ఇచ్చువారు సంఘం పేర, రెండు గీతలు గీసి, స్థానిక బ్యాంకుపై మాత్రమే ఇవ్వవలెను. పొరుగూరి సభ్యులు కార్యదర్శి పేర మనియార్డరు పంపవచ్చును. గడువులోగా చెల్లించిన వారి పేర్లు మాత్రమే మున్సిపాలిటీకి పంపు నల్లా జాబితాలో చేర్చబడును. నియమము అందరికీ ఒక్కటే.'

చివరి వాక్యం ఎవరూ అడగలేదు. నా సొంత కవిత్వం.

ఊళ్లో ఉన్నవాళ్లకు వాచ్‌మన్ ఇంటింటికీ ఇచ్చి వచ్చాడు. బయట ఊళ్లలో ఉన్న నలుగురైదుగురు సభ్యులకు నేనే పోస్టులో పంపాను. వాళ్లలో ఒకతను నేతపని వాళ్లబ్బాయి. ఇక్కడ మగ్గం గిట్టక బొంబాయి పక్కన భీవండి పోయి మరమగ్గాల మీద పనిచేస్తుండేవాడు. మా కాలనీ చివర అతని పేరు మీద ఒక ప్లాటు, దాంట్లో రెండు గదుల రేకుల ఇల్లు. అందులో అతని భార్య, తల్లి ఉండేవాళ్లు. ఆ ఏడు వేసవిలో భార్యకు కడుపులో ఆపరేషన్ అయింది. ఏడాది దాకా బరువెత్తొద్దని దవాఖానలో చెప్పి పంపారు. దాంతో అరవై దాటిన అత్త బోరింగు దగ్గర బిందె పట్టుకొని నిలబడేది. నింపిన బిందె చంకనెత్తుకొని రెండు చోట్ల ఆగి, మూడో చోట కూర్చుని, అలా ఇల్లు చేరేది. నేను ఆఫీసుకు సైకిల్ మీద పోతూ రోజూ చూసేవాణ్ణి. చూసి, పాపం అనుకొని, పెడలు తొక్కేవాణ్ణి.

జూన్ ఆఖరి వారం మా బావమరిది కొత్త ఇంట్లో పాలు పొంగిస్తామని కబురు పెట్టాడు, తొర్రూరులో. ఇరవై ఎనిమిది సాయంత్రం బయల్దేరుతుంటే మా ఆవిడే అంది, "గడువు దినాలు గదా, మీరు ఉండకపోతే ఎట్ల? నేను పోయొస్త" అని. "నగదంతా ట్రెజరర్ దగ్గర కడతారు, నాతో ఏం పని" అన్నాను. మనియార్డర్లు నా పేరు మీద రావాలని రాసింది నేనేనన్న సంగతి ఆ క్షణంలో తట్టనే లేదు. ఇంటికి తాళం వేసి పోయాం. ఒకటో తారీకు సాయంత్రానికి తిరిగొచ్చాం.

రెండో తారీకు పొద్దున నేను ఆఫీసుకు తయారవుతుంటే పోస్ట్‌మన్ గుమ్మంలో సైకిల్ ఆపాడు. "సారూ, రెండు దినాలు తిరిగిన. ఇరవై తొమ్మిదిన ఒకసారి, ముప్పైన ఒకసారి. ఇల్లు తాళమున్నది" అంటూ మనియార్డరు ఫారం తీశాడు. భీవండి నుంచి, అరవై రూపాయలు. సంతకం పెట్టించుకొని డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి, అడుగున ఉండే చిన్న కూపన్ చింపి నా చేతిలో పెట్టాడు. దాని మీద పెన్సిల్‌తో ఉంది: 'నోటీసు ప్రకారం చందా చెల్లించినాను. నల్లా లిస్టుల పేరు రాయగలరు.'

కూపన్ మడిచి జేబులో పెట్టుకున్నాను.

అప్పుడే, అక్కడే పోయి ట్రెజరర్‌కు ఉన్నదున్నట్టు చెప్పాల్సింది. 'ముప్పై లోపలే వచ్చింది, నేను లేను, తప్పు నాది' అంటే అయిపోయేది. ఎందుకు చెప్పలేదంటే, నెల కిందటే వాచ్‌మన్ చెప్పకుండా రెండు రోజులు ఊరికి పోయాడని నలుగురిలో నిలబెట్టి కడిగేశాను. 'బాధ్యత తీసుకున్నాక ఇంటికి తాళం వేసి పోతారా' అన్నాను, అచ్చంగా ఆ మాటే. దానికితోడు ఎనుమాముల మార్కెట్‌లో తూకాలు వేసే దడ్వాయి ఒకతను, ఇంకొకాయన, ఒకటో తారీకున డబ్బు పట్టుకొని పోతే ట్రెజరర్ వాళ్లను జాబితాలో రాయలేదు. వాళ్లు ఆ రాత్రే నా దగ్గరికొస్తే నియమం అందరికీ ఒక్కటేనని నీతులు చెప్పి పంపించాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకొని చెప్పను? సిగ్గేసింది. సిగ్గు కన్నా ఎక్కువగా, ఇది తెలిస్తే ఆ దడ్వాయి ఎట్లా నవ్వుతాడోనని భయమేసింది.

అరవై రూపాయలూ పట్టుకెళ్లి ట్రెజరర్‌కు ఇచ్చాను. "ఇయ్యాల ముట్టిందా?" అన్నాడు. "ఇవాళే" అన్నాను. అబద్ధం కాదు గదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆయన పుస్తకంలో రెండో తారీకు వేసి, "అయిదు రూపాయలు జుర్మానా బాకీ. లిస్టుల పేరు లేదు" అన్నాడు. బండి వెళ్లిపోయాక ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాణ్ణి చూసినంత మామూలుగా అన్నాడా మాట. మూడో తారీకున జాబితా నేనే నీటుగా రాసి, ప్రెసిడెంటు గారి ప్రహరీకి ఉన్న నోటీసు బోర్డు మీద అంటించాను. అభ్యంతరాలుంటే ఆదివారం మీటింగులో చెప్పుకోవచ్చు, సోమవారం జాబితా మున్సిపాలిటీకి పోతుంది.

నాలుగో తారీకు సాయంత్రం ఆ భీవండి అబ్బాయి భార్య మా ఇంటికొచ్చింది. పొట్టమీద ఒక చెయ్యి ఆనించుకొని మెల్లగా మెట్లెక్కింది. మా ఆవిడ కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"సారూ, మా పేరు లేదు లిస్టుల" అంది.

"మీ మనియార్డరు రెండో తారీకు వచ్చిందమ్మా" అన్నాను.

"ఆయన ఇరవై నాలుగునే కట్టిండు. రసీదు చీటీ, మీ నోటీసు రెండూ ఉత్తరంల పెట్టి నాకు పంపిండు."

"కట్టడం వేరు, ఇక్కడికి రావడం వేరు గదా" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు. "మా అత్త నిన్న బోరింగు కాడ పడ్డది సారూ. మోకాలు పగిలింది. ఈసారి లిస్టుల లేకపోతే ఇంక ఎన్నేండ్లో ఎవలకెరుక" అంది. "ఆదివారం మీటింగుకు వస్త" అని వెళ్లిపోయింది.

ఆదివారం దాకా నా బతుకు నాకు చాలైంది. ఆఫీసులో ఒక ఫైలు మూడుసార్లు తెరిచి మూడుసార్లు మూశాను. ఒక మధ్యాహ్నం పర్మిషన్ పెట్టి పోస్టాఫీసుకు పోయాను. ఆ పోస్ట్‌మన్‌ను పక్కకు పిలిచి, ఇల్లు తాళం సంగతి ఎవరితోనూ అనొద్దని చెబుదామని. కాళ్లు ఈడ్చుకుంటూ అతని ముందుకు పోయి నిలబడ్డాను. "ఏంది సారూ?" అన్నాడు. "ఇన్‌లాండ్ లెటర్లు ఎక్కడిస్తారు?" అన్నాను. వేలు పెట్టి కౌంటర్ చూపించాడు. పోయి ఇరవై కొన్నాను.

"ఇరవై ఉత్తరాలు ఎవలకు రాస్తరు?" అంది మా ఆవిడ.

"మీ తమ్ముడికే. తొర్రూరు పిలిచినందుకు" అన్నాను కసిగా. ఆమెకు అర్థమైపోయింది. అన్నీ ఆమెకే ముందు అర్థమవుతాయి, అదొక బాధ. "పోయి చెప్పున్రి. ఎవలన్న కొడ్తరా? జర నవ్వుతరు, అంతే గదా" అంది.

నవ్వడం కన్నా కొట్టడమే నయమని ఆమెకు చెప్పలేకపోయాను. కానీ ఆదివారం లేచి స్నానం చేస్తూ గట్టిగా నిశ్చయించుకున్నాను, మీటింగులో మొదటి మాట నాదే కావాలని.

మీటింగు ప్రెసిడెంటు గారి వరండాలో. ముప్పై మంది దాకా వచ్చారు. నేను గొంతు సవరించుకున్నాను. ఈలోపు ట్రెజరర్ లేచి లెక్కలు చదవడం మొదలుపెట్టాడు. సరే, ఆయన అయ్యాక చెబుదాం అనుకున్నాను. ఆయన అయ్యేసరికి దడ్వాయి లేచి వీధిదీపాల గొడవ ఎత్తుకున్నాడు. ఇతనెదుట చెప్పడం ఎట్లా అనిపించింది. అట్లా నా మొదటి మాట వెనక్కి జరుగుతూ జరుగుతూ గొంతులోనే ఉండిపోయింది.

ఆ అమ్మాయి ఆడవాళ్ల వైపు నుంచి లేచింది. చేతిలో నా నోటీసు, దాని మీద భీవండి పోస్టాఫీసు రసీదు.

"బాపూ, మా పేరు ఎందుకు లేదు?" అని ట్రెజరర్‌ను అడిగింది.

"ముప్పై లోపల ముట్టలే బిడ్డా. రెండో తారీకున ముట్టింది. ఇద్దరిని వాపస్ పంపిచ్చిన, ఇప్పుడు నిన్ను రాస్తే వాళ్లకేం జవాబు చెప్పాలె?"

"ముట్టాలని ఏడుంది?" అంది ఆమె.

ట్రెజరర్ తికమకపడ్డాడు. ఆమె నోటీసు మడత విప్పి, వేలు అక్షరాల కింద పెట్టుకొని, చిన్నపిల్లలు చదివినట్టు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ చదివింది. "చె... ల్లిం... చ... వ... లె... ను. చెల్లించాలె అన్నరు. మా ఆయన చెల్లించిండు. ఇరవై నాలుగు తారీకు ముద్దర ఉంది, చూడున్రి. మనియార్డరు పంపొచ్చని మీరే రాసిన్రు. పోస్టాఫీసుల పైసలు ఇచ్చినంక అవి రైలెక్కినయా, నడుచుకుంట వచ్చినయా, మా చేతుల ఏముంది?"

ట్రెజరర్ మెల్లగా నా వైపు తిరిగాడు. "నేను ముట్టజెప్పాలె అని రాయిన్రి అన్న. మీరే గదా సెక్రటరీ సాబ్ కొట్టేసింది. ఫరకేం లేదంటిరి" అన్నాడు.

ప్రెసిడెంటు గారు కళ్లజోడు సవరించుకుని, "రాసింది మీరు. అర్థం కూడా మీరే చెప్పున్రి" అన్నారు.

ముప్పై మంది నన్నే చూస్తున్నారు. ఇంతకన్నా మంచి తలుపు మళ్లీ తెరుచుకోదని నాకు తెలుసు. నిజం చెబితే ఆమెకు నల్లా వస్తుంది. అర్థం చెప్పినా ఆమెకు నల్లా వస్తుంది. నేను అర్థమే చెప్పాను. లేచి నిలబడి, 'చెల్లించుట' అంటే ఇచ్చేవాడు ఇచ్చేయడమని, 'ముట్టుట' అంటే తీసుకునేవాడికి చేరడమని, మనియార్డరు పంపవచ్చునని మనమే అన్నప్పుడు పోస్టాఫీసు ముద్ర పడ్డ తేదీనే చెల్లించిన తేదీగా తీసుకోవాలని, నగదు తెచ్చిన ఇద్దరికీ ఇది వర్తించదని, వాళ్లు తెచ్చిందే గడువు దాటాక కదా అని, ఐదు నిమిషాలు మాట్లాడాను. బాగా మాట్లాడాను. ఆ దడ్వాయి కూడా తలూపాడు. ట్రెజరర్ పుస్తకం తెరిచి, జరిమానా కొట్టేసి, జాబితా చివర ఆమె భర్త పేరు రాశాడు. "సెక్రటరీ సాబ్ ఇన్సాఫ్ మనిషి" అన్నాడు ఎవరో వెనక నుంచి.

మీటింగయ్యాక అందరూ చెప్పులు వెతుక్కుంటుంటే ఆమె గేటు దగ్గర నిలబడి ఉంది. నేను తప్పించుకొని పోదామని చూశాను. కుదరలేదు.

"సారూ, ఒక్క మాట" అంది. "వచ్చే ఏడు నోటీసుల ఇంకో ముచ్చట గూడ రాయున్రి. మీరు ఇంటికి తాళమేసి ఊరికి పోతే, మనియార్డరు ఎవలు తీసుకోవాల్నో."

గేటు చువ్వ పట్టుకొని నిలబడిపోయాను. "ఎవరు చెప్పారు?"

"పోస్ట్‌మన్ చెప్పిండు. మొన్న ఉత్తరమియ్యనీకి వచ్చినప్పుడు."

"మరి లోపల ఎందుకు చెప్పలేదమ్మా? ఆ ఒక్క మాటంటే అయిపోయేది గదా."

ఆమె నోటీసును నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది. "మీరే చెప్తరని చూసిన సారూ" అంది. కోపంగా అనలేదు. పొట్టమీద చెయ్యి పెట్టుకొని, మెల్లగా, ఎండలో ఇంటి వైపు నడిచిపోయింది.

ఆ చలికాలంలో వాళ్ల గుమ్మం ముందు నల్లా వచ్చింది. ముసలమ్మ దాని పక్కనే పీట వేసుకొని కూర్చునేది, నీళ్లు వచ్చే వేళకు గంట ముందు నుంచే. నేను సైకిల్ మీద పోతుంటే, "బాంచెను సారూ, మీ దయ" అని చెయ్యెత్తేది. కోడలు ఆమెకు చెప్పలేదన్నమాట. నేను ఆ వీధి వదిలేసి చుట్టూ తిరిగి పోవడం మొదలుపెట్టాను.

మరుసటేడు మళ్లీ మా వరండాలోనే నోటీసు చిత్తు రాశాను. 'చెల్లించవలెను' అలాగే ఉంచాను. మనియార్డరు వాక్యం కింద మరొకటి చేర్చాను: 'కార్యదర్శి ఊరిలో లేనిచో వారి పేర వచ్చు మనియార్డర్లను వారి అధికార పత్రముపై కోశాధికారి పుచ్చుకొనును.' పోస్టాఫీసులో ఆ పత్రం దాఖలు చేసి కూడా వచ్చాను. ట్రెజరర్ ఆ వాక్యం రెండుసార్లు చదివాడు.

"మంచిగున్నది. గని గిదెందుకు పెట్టిన్రు?" అన్నాడు.

"ఒకామె అడిగింది" అన్నాను.

ఆయన తలూపి కిందికి చదువుకుంటూ పోయాడు. నేను కాలు ఊపుతూ కూర్చున్నాను.